గాలికి ఒకటే దారి



వాల్తేరులోని ఛాతీ ఆసుపత్రికో, కేజీహెచ్‌కో ఎవరినైనా చూడ్డానికి వెళ్లినప్పుడు మీరిది గమనించే ఉంటారు. మంచం మీద ఒక మనిషి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంటాడు. చంక కింద నుంచి ఒక పైపు బయటికి వస్తుంది. ఆ పైపు కిందికి దిగి, నేల మీదున్న సీసాలోకి వెళుతుంది. సీసాలో కాసిని నీళ్లుంటాయి. పైపు చివర ఆ నీళ్లలో మునిగి ఉంటుంది. మనిషి దగ్గితే చాలు, నీళ్లలో బుడబుడమని బుడగలు వస్తాయి.

పక్కన స్టూలు మీద తల్లో, భార్యో కూర్చుని ఉంటుంది. ఆ సీసా ఏమిటో, దాన్ని నేల మీదే ఎందుకు పెట్టారో చాలాసార్లు ఆవిడకి ఎవరూ చెప్పరు. ఒకసారి ఒక తల్లి నన్నే అడిగింది. "మంచం మీద పెడితే ఏటవుద్ది బాబూ? కింద అందరూ తన్నేస్తన్నారు" అంది. చాలా మంచి ప్రశ్న. ఈ రోజు నా మాటలన్నీ ఆ ప్రశ్నకి జవాబే.

ముందుగా మన ఊపిరితిత్తి ఛాతీలో ఎలా ఉంటుందో చూద్దాం. రెండు గాజు పలకల్ని తడిపి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. పక్కకి జరుపుదామంటే జరుగుతాయి. విడదీద్దామంటే మాత్రం రావు. మన ఊపిరితిత్తి కూడా ఛాతీ గోడకి అలాగే అంటుకుని ఉంటుంది. ఊపిరితిత్తి మీద ఒక పొర ఉంటుంది. గోడ లోపలివైపు ఇంకో పొర ఉంటుంది. రెంటి మధ్య కాస్త తడి, అంతే. అక్కడ గాలి ఉండదు. ఛాతీ గోడ వెడల్పయితే ఊపిరితిత్తి కూడా దాంతోపాటు సాగుతుంది. మనం ఊపిరి పీల్చుకోవడమంటే అదే.

ఇప్పుడు ఆ రెండు పొరల మధ్యకి గాలి దూరిందనుకోండి. పట్టు విడిపోతుంది. ఊపిరితిత్తి గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుంటుంది. దీన్నే న్యూమోథొరాక్స్ అంటారు. మాట పెద్దదే కానీ అర్థం చిన్నది. ఉండకూడని చోట గాలి ఉండటం, అంతే.

ఆ గాలి అక్కడికి ఎలా వస్తుంది? ఒక్కోసారి దానంతట అదే వస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే కొందరు కుర్రాళ్లలో ఊపిరితిత్తి పైభాగాన చిన్న చిన్న గాలి బుడిపెలు ఉంటాయి. అందులో ఒకటి పగులుతుంది. బరువు ఎత్తకపోయినా, పరిగెత్తకపోయినా, ఊరికే కూర్చుని ఉండగానే పగలొచ్చు. సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఎక్కువ.

ఇంకోసారి ఊపిరితిత్తి ముందే చెడిపోయి ఉంటుంది. పాత టీబీ కావచ్చు. ఏళ్ల తరబడి బీడీ తాగిన ఛాతీ కావచ్చు. రాతి దుమ్ము పీల్చిన ఛాతీ కావచ్చు. అలాంటి ఊపిరితిత్తికి చిల్లు పడితే కొంచెం గాలి చేరినా మనిషి తట్టుకోలేడు. ఎందుకంటే అతని దగ్గర మిగులు ఊపిరి లేదు.

మూడోది దెబ్బ తగలడం. పోర్టు, ఉక్కు కర్మాగారం, హైవే మీద లారీలు ఉన్న మన ఊళ్లో దీని గురించి ఎక్కువగా ఆలోచించాలి. ఎత్తు నుంచి పడితే పక్కటెముక విరుగుతుంది. ఆ విరిగిన కొస ఊపిరితిత్తికి గుచ్చుకుంటుంది. ఆసుపత్రిలో మెడ దగ్గర సూది పెట్టేటప్పుడూ, ఛాతీలోంచి నీరు తీసేటప్పుడూ కూడా అరుదుగా ఇలా చిల్లు పడుతుంది. అందుకే అలాంటి పనుల తర్వాత రోగిని కనిపెట్టి ఉంటారు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, ఆశ్చర్యంగా ఉంటుంది. టీబీకి మందులు లేని రోజుల్లో వైద్యులు కావాలనే ఆ పొరల మధ్యకి గాలి ఎక్కించేవారు. ఈ పద్ధతిని ఇటలీ వైద్యుడు ఫొర్లానినీ 1882లో ప్రతిపాదించాడు. మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ ఈ చికిత్స చేశారు. జబ్బు పడిన ఊపిరితిత్తిని ముడుచుకోనిచ్చి దానికి విశ్రాంతి ఇవ్వాలన్నది ఆలోచన. గాలిని కొలిచి ఎక్కించేవారు. లోపలి ఒత్తిడిని చూసుకుంటూ ఎక్కించేవారు. రోగులు ఆ గాలితోనే నడిచేవారు, తినేవారు, నెలల తరబడి బతికేవారు.

దీన్ని బట్టి మనకేం తెలుస్తోంది? గాలి చేరినంత మాత్రాన ప్రాణం పోదు. ప్రాణం తీసేది ఒత్తిడి. ఈ మాట గుర్తుంచుకోండి. ఇక మీద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒత్తిడి ఎలా పెరుగుతుంది? సైకిల్ ట్యూబుకి ఒక వాల్వు ఉంటుంది. పంపు కొడితే గాలి లోపలికి పోతుంది. కానీ వెనక్కి రాదు. ఊపిరితిత్తికి పడిన చిల్లు కూడా ఒక్కోసారి అలాంటి వాల్వులా మారుతుంది. చిల్లు మీద చిన్న పొర తలుపులా వేలాడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు తలుపు తెరుచుకుంటుంది. గాలి బయటపడి పొరల మధ్యకి చేరుతుంది. ఊపిరి వదిలినప్పుడు తలుపు మూసుకుంటుంది. చేరిన గాలి అక్కడే చిక్కుకుంటుంది. ఒక్కో ఊపిరీ ఒక్కో పంపు దెబ్బ. దీన్నే టెన్షన్ న్యూమోథొరాక్స్ అంటారు. నేను ఇందాక చెప్పిన రకాల్లో ఏదైనా సరే, ఇలా మారొచ్చు.

ఆ గాలి ముందు ఆ పక్క ఊపిరితిత్తిని నలిపేస్తుంది. తర్వాత గుండెని అవతలి పక్కకి నెడుతుంది. గుండెకి రక్తం తిరిగి తెచ్చే పెద్ద సిరలు పలచగా, మెత్తగా ఉంటాయి. ఆ ఒత్తిడికి అవి నొక్కుకుపోతాయి. గుండెలోకి రక్తం రాకపోతే బయటికి ఏం పంపుతుంది? బీపీ పడిపోతుంది. అందుకే ఇది ఊపిరితిత్తి దగ్గర మొదలైనా, చివరికి గుండెని ఆపుతుంది. నిమిషాల్లో ఆపుతుంది.

ఇది మంచం పక్కన ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. పోర్టులో లారీ మీద నుంచి 28 ఏళ్ల కుర్రాడు పడ్డాడనుకుందాం. ఎడమ పక్క దెబ్బ తగిలింది. ఆసుపత్రికి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. నాడి నిమిషానికి 92. బీపీ 124కి 80. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ 96 చూపిస్తోంది. ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు విరిగి ఉన్నాయి, ఎడమ వైపు కొంచెం గాలి ఉంది. కనిపెట్టి చూద్దామని మంచం ఇచ్చారు.

ముప్పావు గంట గడిచింది. మొదట తేడా పట్టుకున్నది మిషను కాదు, పక్కన కూర్చున్న అన్నయ్య. "వీడు పడుకోలేకపోతున్నాడు సిస్టర్" అన్నాడు. కుర్రాడు లేచి కూర్చుని మంచం అంచు పట్టుకున్నాడు. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నాడు. ఒక మాట, ఒక ఊపిరి. ఇంకో మాట, ఇంకో ఊపిరి. ఒళ్లంతా చల్లటి చెమట. భయంగా చూస్తున్నాడు.

సిస్టర్ వచ్చి చూసింది. నాడి 138. బీపీ 84కి 50. ఆక్సిజన్ పెట్టినా క్లిప్పులో 85 దాటట్లేదు. చొక్కా తీసి చూస్తే ఎడమ ఛాతీ ఉబ్బినట్టు ఉంది, కదలట్లేదు. కుడి పక్క మాత్రమే లేచి పడుతోంది. డాక్టర్ వచ్చి స్టెతస్కోప్ పెట్టాడు. కుడి పక్క ఊపిరి చప్పుడు ఉంది. ఎడమ పక్క నిశ్శబ్దం. ఎడమ పక్క వేలితో కొట్టి చూస్తే ఖాళీ బిందె మీద కొట్టినట్టు మోగుతోంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. దెబ్బ వల్ల రక్తం ఎక్కువగా పోయి ఉంటే మెడ నరాలు ఉబ్బవు. గొంతు కింద గుంటలో వేలు పెట్టి చూస్తే శ్వాసనాళం పక్కకి జరిగినట్టు తెలుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, కానీ అది ఆలస్యంగా వచ్చే గుర్తు. దాని కోసం ఎదురు చూస్తే మనిషి మిగలడు. ఆయాసం పెరుగుతూ ఉండటం, ఒక పక్క ఛాతీ నిశ్శబ్దమైపోవడం, బీపీ పడిపోవడం. ఈ మూడూ కలిసి కనబడితే చాలు.

మరి మళ్లీ ఎక్స్‌రే తీయాలా? వద్దు. నర్సింగ్, మెడికల్ విద్యార్థులు వింటుంటే వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రాణం జారిపోతున్నప్పుడు ఈ జబ్బుని కళ్లతో, చేతులతో, చెవులతో గుర్తుపట్టాలి. ఎక్స్‌రే గదికి తీసుకెళ్లి వచ్చేసరికి వైద్యం చేయాల్సిన సమయం అయిపోతుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికైతే ఇంకా తొందర. మిషనే గాలిని లోపలికి నెడుతుంది కాబట్టి ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది. ఆ రోగి నోటితో చెప్పలేడు కూడా. ఉన్నట్టుండి బీపీ పడి, ఆక్సిజన్ పడి, మిషను ఒత్తిడి ఎక్కువైందని మోగితే ముందు ఛాతీ చూడాలి.

మన కుర్రాడి దగ్గరికి వద్దాం. డాక్టర్ ఒక లావుపాటి, పొడవాటి సూది తీసుకుని, చంక కింద మధ్యగీతకి కొంచెం ముందుగా, అయిదో పక్కటెముకల సందులో గుచ్చాడు. కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి వచ్చి రెండో సందులో గుచ్చడం పాత పద్ధతి. ఇప్పటికీ చేస్తారు. కానీ పెద్దవాళ్లలో అక్కడ కండ మందంగా ఉండి, సూది లోపలిదాకా చేరకపోవచ్చు. సూది చేరగానే బుస్సుమని గాలి బయటికి వచ్చింది. రెండు నిమిషాల్లో నాడి 110కి దిగింది, బీపీ 108కి ఎక్కింది. కుర్రాడు "అమ్మా" అని పూర్తిగా ఊపిరి వదిలాడు.

పని అయిపోయిందా? కాలేదు. ఆ సన్నటి గొట్టం మడతపడొచ్చు, మూసుకుపోవచ్చు. చిల్లు ఇంకా ఉంది. సూది మనకి ఇచ్చింది కాసేపు గడువే. ఆ గడువులో పైపు వేయాలి.

ఇంట్లో ఉండి వింటున్న వారికి ఒక మాట. సూది పని డాక్టర్‌దే. మీరెవరూ ప్రయత్నించకండి. దెబ్బ తగిలిన మనిషికి ఆయాసం పెరుగుతుంటే 108కి ఫోన్ చేయండి. అతను ఎలా కూర్చుంటే సుఖంగా ఉందంటే అలాగే కూర్చోనివ్వండి. నీళ్లు తాగించకండి. ఛాతీకి గాయమై, అందులోంచి గాలి బుసకొడుతుంటే శుభ్రమైన గుడ్డని పైన వదులుగా కప్పండి. గట్టిగా కట్టి గాలి చొరబడకుండా మూసేయకండి. మూసేస్తే లోపలి గాలికి దారి ఉండదు.

ఇక పైపు సంగతి. చంక కింద ఒక చిన్న త్రికోణం ఉంది. ముందు ఛాతీ కండ అంచు, వెనక వీపు కండ అంచు, కింద చనుమొన ఎత్తులో గీత. అక్కడ కండ పలచగా ఉంటుంది. గుండె, కాలేయం దూరంగా ఉంటాయి. అందుకే ఆ చోటు. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో రక్తనాళాలు, నరం పోతుంటాయి. ఇంటి దూలం కింద కరెంటు వైరు పోయినట్టు అనుకోండి. దూలం కింద మేకు కొడితే వైరు తెగుతుంది. అందుకని పైపుని ఎప్పుడూ పక్కటెముక పై అంచుని ఆనుకునే దించాలి.

మత్తు మందు చర్మానికి, కండకి, లోపలి పొరకి కూడా ఇవ్వాలి. అది పనిచేసేదాకా ఆగాలి. చర్మం కోశాక మొండి కొసలున్న పరికరంతో కండని నెమ్మదిగా విడదీస్తారు. పొర తెరుచుకున్నాక, పైపుకంటే ముందు వేలు లోపలికి పోవాలి. ఊపిరితిత్తి అక్కడ అంటుకుని ఉందా లేదా అని వేలు చెబుతుంది. పాత టీబీ ఉన్నవాళ్లలో తరచు అంటుకుని ఉంటుంది. మొనదేలిన కడ్డీతో బలంగా పొడిచే పద్ధతి ఊపిరితిత్తిని, గుండెని కూడా చీల్చగలదు. దాన్ని వాడకూడదు.

పైపు లోపలికి పోయింది. ఇప్పుడొక చిక్కు. గాలి బయటికి రావడానికి మనం దారి తెరిచాం. అదే దారిలో బయటి గాలి లోపలికి పోదా? పోతుంది. అందుకే సీసా.

మీ ఇంట్లో చేతులు కడుక్కునే సింకు కింద పైపు వంగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. పైనుంచి పోసిన నీళ్లు కిందికి పోతాయి. కానీ కాలవ వాసన పైకి రాదు. ఆ నిలిచిన నీళ్లే తలుపు. ఛాతీ సీసా కూడా అంతే. పైపు చివర 2 సెంటీమీటర్లు నీళ్లలో మునిగి ఉంటుంది. రోగి ఊపిరి వదిలినా, దగ్గినా, లోపలి గాలి ఆ 2 సెంటీమీటర్ల నీటిని తోసుకుని బుడగై బయటికి పోతుంది. ఊపిరి పీల్చినప్పుడు గాలి వెనక్కి పోలేదు. పైపులో నీళ్లు కొంచెం పైకెక్కి ఆగిపోతాయి. జర్మనీలో హాంబర్గ్ వైద్యుడు బ్యూలావ్ 19వ శతాబ్దంలో వాడిన ఈ పద్ధతినే మనం ఇప్పటికీ వాడుతున్నాం.

గమనించారా? జబ్బు చేసిన పని గాలికి లోపలికే దారి ఇవ్వడం. సీసా చేసే పని గాలికి బయటికే దారి ఇవ్వడం. రెండూ ఒకే దారి వాల్వులే. జబ్బు వాల్వుని మనం తిప్పి పెట్టాం, అంతే.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకి జవాబు చెప్పొచ్చు. సీసాని మంచం మీద పెడితే ఏమవుతుంది? నీళ్లు పల్లానికి పారతాయి. సీసా ఛాతీకంటే ఎత్తుకి పోతే సీసాలో నీళ్లు పైపు గుండా ఛాతీలోకి పోతాయి. సీసా పక్కకి ఒరిగిపోతే పైపు చివర నీళ్లలోంచి బయటపడుతుంది. అప్పుడు బయటి గాలి లోపలికి పోతుంది. అందుకే సీసా ఎప్పుడూ కిందే ఉండాలి, నిటారుగా ఉండాలి. నడిచేటప్పుడు కూడా మోకాలి ఎత్తులో పట్టుకుని నడవాలి.

రెండో సంగతి. బుడగలు వస్తున్న పైపుని ఎప్పుడూ మూయకూడదు. నేను చదువుకునే రోజుల్లో ఒక ఆసుపత్రిలో చూశాను. ఒక రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి. సీసా ఒలికిపోతుందేమోనని మంచి ఉద్దేశంతోనే ఎవరో పైపుకి క్లిప్పు పెట్టారు. స్ట్రెచర్ తిరిగి వచ్చేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి. మా సీనియర్ ఏమీ మాట్లాడకుండా క్లిప్పు తీసేశారు. సీసాలో నీళ్లు ఒక్కసారిగా ఉడుకుతున్నట్టు బుడగలు కక్కాయి. ఆ పెదాల రంగు తిరిగి రావడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. బుడగలు వస్తున్నాయంటే చిల్లు ఇంకా తెరిచే ఉంది. దారి మూస్తే మళ్లీ టెన్షనే.

పక్కన కూర్చునేవాళ్లు సీసాని చదవడం నేర్చుకోవచ్చు. పైపులో నీటి మట్టం ఊపిరితోపాటు పైకీ కిందికీ ఆడుతుంటే పైపు పనిచేస్తోందని అర్థం. ఆట ఆగిపోతే రెండు కారణాలు ఉండొచ్చు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండొచ్చు, అది శుభం. లేదా పైపు మూసుకుపోయి ఉండొచ్చు. తేడా ఎలా తెలుస్తుంది? మనిషిని చూడండి. హాయిగా ఉంటే మొదటిది. ఆయాసపడుతుంటే రెండోది. అప్పుడు పైపు మెలిక పడిందా, ఒంటి కింద నలిగిందా చూసి, వెంటనే సిస్టర్‌ని పిలవండి.

సీసా పగిలినా, పైపు ఊడినా కంగారు పడకండి. పైపు చివరని శుభ్రమైన నీళ్లున్న పాత్రలో ముంచి, కిందే ఉంచి, పిలవండి. పైపే ఛాతీలోంచి జారి బయటికి వస్తే ఆ కంత మీద గాజుగుడ్డ అదిమి పట్టుకుని పిలవండి. గుడ్డ పెట్టాక ఆయాసం పెరిగితే ఒక పక్క కాస్త ఎత్తండి. లోపలి గాలి బయటికి పోవాలి కదా.

బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నాక పైపు తీస్తారు. తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటారు. పీల్చేటప్పుడు తీస్తే ఆ కంత గుండా గాలి లోపలికి పోతుంది కాబట్టి.

ఇంటికి వెళ్లాక రెండు సంగతులు. ఎక్స్‌రే బాగుందని తేలాక కూడా కనీసం ఒక వారం విమానం ఎక్కొద్దు. ఇక సముద్రం లోతుకి దిగడం, రుషికొండలో స్కూబా అయినా, పని కోసం చేసే డైవింగ్ అయినా, ఛాతీ నిపుణుడు పరీక్షించి ఒప్పుకుంటే తప్ప మానేయాలి. సముద్రంలో 10 మీటర్ల లోతున ఒత్తిడి పైకంటే రెట్టింపు. అక్కడ ఛాతీలో గాలి చిక్కుకుంటే పైకి వచ్చేసరికి అది రెండింతలవుతుంది. నీళ్లలో మనకి సూది గుచ్చేవాళ్లు ఉండరు. సిగరెట్, బీడీ అయితే పూర్తిగా మానాలి. దానంతట అది వచ్చిన న్యూమోథొరాక్స్ మళ్లీ వచ్చే అవకాశం ఉంది. పొగ ఆ అవకాశాన్ని పెంచుతుంది.

మరోసారి చెబుతాను. గాలి కాదు, ఒత్తిడి ప్రాణం తీస్తుంది. ఆయాసం పెరుగుతూ, ఒక పక్క ఛాతీ నిశ్శబ్దమై, బీపీ పడితే ఎక్స్‌రే కోసం ఆగకూడదు. సీసా కిందే ఉండాలి. బుడగలు వచ్చే పైపుని మూయకూడదు.

ఆ తల్లికి నేను సింకు పైపు ఉదాహరణే చెప్పాను. మర్నాడు రౌండ్స్‌కి వెళ్లేసరికి సీసా చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి, ఎవరి కాలూ తగలకుండా. నన్ను చూసి, "రాత్రి నుంచి బుడగ రాలేదు బాబూ, నీళ్లు మాత్రం ఆడతన్నాయి" అంది. వార్డులో ఆ రోజు నాకు అందిన అన్నిటికంటే మంచి రిపోర్టు అదే. ఎక్స్‌రే తీసి చూస్తే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉంది.